ఫిషింగ్ లింకు నొక్కిన ఉద్యోగి గురించి నివేదికలో ఏం రాయాలి?

గుండ్లకమ్మ (ఒంగోలు): మా గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో లెక్కలు చూసే ఒకావిడ, షిప్పింగ్ పత్రాల పేరుతో వచ్చిన మెయిల్‌లోని లింకు నొక్కారు. భద్రతా బృందానికి ‘నిర్లక్ష్యంగా నొక్కారు’ అని రాస్తే తిప్పి పంపారు. జరిగింది అదే కదా?

పెన్నాతీరం (నెల్లూరు): మీరు రాసిన వాక్యం చదివి ఆ బృందం చేయగలిగిన పని ఒక్కటీ లేదు. ఇలా రాసి చూడండి: ‘10:42కు ఈ ఖాతా నుంచి లింకు తెరిచారు. లాగిన్ పేజీలా కనిపించిన చోట పాస్‌వర్డ్ ఇచ్చారు. ఫోనుకు వచ్చిన అనుమతి అభ్యర్థనను అంగీకరించారు. 11:05కు తామే ఫోన్ చేసి తెలియజేశారు.’ మూడో వాక్యం అన్నిటికంటే ముఖ్యమైనది. అనుమతి ఇచ్చి ఉంటే మోసగాడు అప్పటికే లోపల ఉండవచ్చు కాబట్టి, పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన సరిపోదు. తెరిచి ఉన్న లాగిన్లన్నీ రద్దు చేసి, మెయిళ్లను బయటికి మళ్లించే నియమం ఏదైనా పెట్టారేమో వెతకాలి.

కావలి కుర్రాడు: అసలు మనిషి ఊసే లేకుండా ‘లింకు తెరవబడింది’ అంటే గొడవే ఉండదు.

పెన్నాతీరం: గొడవ ఉండదు, ఆధారమూ ఉండదు. లాగ్‌లలో వెతికేది ఖాతా పేరుతోనే కాబట్టి అది ఉండి తీరాలి. లింకును మాత్రం మరొకరు పొరపాటున నొక్కకుండా, మొదట్లోని `https`ను `hxxps` అని మార్చి రాయండి.

రొయ్యలచెరువు: నేను పనిచేసిన ఒక సంస్థలో, లింకు నొక్కినట్టు చెప్పినందుకు నాకు మెమో ఇచ్చి, ఆ ఏడు ఇంక్రిమెంటు ఆపారు. ఆ తర్వాత నా పక్క సీటు ఆయన పాస్‌వర్డ్ ఇచ్చి కూడా ‘మెయిల్ తెరిచానంతే’ అన్నాడు. కొనుగోలుదారుకు వెళ్లిన ఇన్వాయిస్‌లో బ్యాంకు ఖాతా మారిపోయిందని బయటపడేదాకా ఎవరికీ తెలియలేదు.

గుండ్లకమ్మ: మీ మెమో సంగతి నేను అడగలేదండీ. ఆవిడకు పోయిన నెలలోనే శిక్షణ ఇచ్చాము. ఇక దేనికీ ఎవరూ బాధ్యులు కారా?

పెన్నాతీరం: శిక్షణ తేదీ నిజమైతే తేదీగానే రాయండి, ఎవరూ కాదనరు. మెయిల్ వడపోత దాన్ని ఎందుకు ఆపలేదో, పంపినవారి చిరునామాలో ఏ అక్షరం తేడా ఉందో కూడా దాని పక్కనే రాయండి. ఇంతకీ ‘నిర్లక్ష్యం’ అన్న మాట ఎవరికి కావాలి?

గుండ్లకమ్మ: యజమానికి. మెమో ఇవ్వడానికి ఈ నివేదికనే జత చేయమన్నారు.

పెన్నాతీరం: అసలు సంగతి ఇదన్నమాట! మెమో కావాలంటే వేరే కాగితం మీద, ఆవిడ సంజాయిషీ కూడా తీసుకుని రాసుకోమనండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఫిషింగ్ దాడిని గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. ఆ గడువు మీ విచారణ ముగిసేదాకా ఆగదు.

కావలి కుర్రాడు: రెండు కాగితాలైనా చదివేది ఆ యజమానే కదా.

గుండ్లకమ్మ: అదే నా ఇబ్బంది. సమయాలతో రాసిన నివేదికను ఇప్పుడే పంపుతున్నాను. మెమో సంగతి ఆయనతో మాట్లాడాలి, ఒప్పుకుంటారని మాత్రం అనుకోవడం లేదు.