రైట్స్ ఇష్యూ: డబ్బు కట్టాలా, ఆర్‌ఈలు అమ్మాలా?

సురేష్, కూకట్‌పల్లి: నా దగ్గర 200 షేర్లున్నాయి. అప్పు తీర్చడానికి కంపెనీ పాత వాటాదారులకు నాలుగుకు ఒకటి చొప్పున 100 రూపాయలకు రైట్స్ షేర్లు ఇస్తోంది. డీమ్యాట్‌లో 50 ఆర్‌ఈలు, అంటే ఆ షేర్లు కొనుక్కునే హక్కులు, పడ్డాయి. ఇప్పుడు చేతిలో డబ్బు లేదు. ఊరుకుంటే నష్టమా?

రాజు, అమీర్‌పేట: అన్నా, 140 ఉన్న షేరు 100కే వస్తోంది కదా. అప్పు చేసైనా కట్టేయ్, 40 లాభం.

వెంకటరమణ, బోడుప్పల్: రాజూ, అది లాభం కాదు. రైట్స్ ఎవరికి రావాలో తేల్చే రికార్డు తేదీకి ముందు షేరు 150 అనుకుందాం. నాలుగు షేర్లు 600, కొత్తది 100, కలిపి అయిదుకు 700. అందుకే ధర 140 దగ్గరికి దిగింది. సురేష్ గారి 30,000 ఇప్పుడు 28,000. తగ్గిన 2,000 ఎక్కడికీ పోలేదు, ఆ 50 ఆర్‌ఈల్లో ఉంది, ఒక్కోటి సుమారు 40. ఊరుకుంటేనే పోతుంది. గడువు దాటాక అవి రద్దవుతాయి, పైసా రాదు.

పద్మజ, దిల్‌సుఖ్‌నగర్: మా అమ్మ ఖాతాలో అచ్చంగా ఇదే జరిగింది. బోనస్ షేర్లే పడ్డాయనుకుని సంతోషించాం. నెల తర్వాత చూస్తే ఏమీ లేవు. ఇప్పటికీ బాధే.

సురేష్: ఇష్యూ ముగిసే రోజు దాకా అమ్మొచ్చా?

వెంకటరమణ: లేదండీ, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇష్యూ ముగియడానికి కొన్ని పనిదినాల ముందే మార్కెట్లో ఆర్‌ఈల ట్రేడింగ్ ఆగిపోతుంది. ఆ తేదీ లెటర్ ఆఫ్ ఆఫర్‌లో ఉంటుంది. మధ్యేమార్గం ఒకటుంది. 36 ఆర్‌ఈలు అమ్మితే దాదాపు 1,440 వస్తుంది. దాంతో మిగిలిన 14కు 1,400 కట్టి బ్యాంకులో అస్బా ద్వారా, అంటే షేర్లు వచ్చేదాకా డబ్బు మన ఖాతాలోనే ఆగి ఉండే పద్ధతిలో, దరఖాస్తు చేయండి. జేబులోంచి రూపాయి పెట్టక్కర్లేదు, బ్రోకరేజీ మాత్రం కొంత పోతుంది. అమ్మేముందు ఒక్కటి చూడండి. షేరు ధరలోంచి 100 తీసేస్తే వచ్చేదానికి ఆర్‌ఈ ధర దగ్గరగా ఉండాలి. షేరు 100 కంటే కిందికి పోతే మాత్రం దరఖాస్తు చేయడంలో అర్థం లేదు, మార్కెట్లోనే చవక.

రాజు: మరి లిస్టయిన కంపెనీ మళ్లీ ప్రజలందరికీ షేర్లు అమ్మే ఎఫ్‌పీఓలో కూడా ఇలాగే ఆర్‌ఈలు పడతాయా? 2024 ఏప్రిల్‌లో వొడాఫోన్ ఐడియా 11 రూపాయలకు తెచ్చింది కదా.

వెంకటరమణ: పడవు. ఆ 18,000 కోట్ల ఇష్యూలో పాత వాటాదారు కూడా అందరితోపాటు దరఖాస్తు చేసుకోవాల్సిందే. చేయకపోతే వాటా శాతం తగ్గుతుంది, అమ్ముకోవడానికి చేతిలో ఏ హక్కూ ఉండదు. రైట్స్‌లో కనీసం ఆ హక్కు ముందు మనకే ఇస్తారు.

పద్మజ: అయినా అప్పు తీర్చడానికి మన దగ్గర డబ్బు అడిగే కంపెనీకి నేనైతే మళ్లీ ఇవ్వను.

వెంకటరమణ: వడ్డీ భారం తగ్గితే లాభం పెరగొచ్చు కదమ్మా. ప్రమోటర్లు తమ వాటాకు పూర్తిగా కడుతున్నారా లేదా అన్నది నేను ముందు చూస్తాను.

పద్మజ: కట్టినా నాకు నమ్మకం కుదరదండీ.

సురేష్: 36 అమ్మకానికి పెట్టాను. ప్రమోటర్ల సంగతి చదివాకే ఆ 14 గురించి తేల్చుకుంటా.