చిన్న ఫోన్లలో క్యాప్షన్ ముక్కలుముక్కలుగా కనిపిస్తోంది, సాయం చేయండి

చీరల పేజీ:
పొద్దున్నుంచీ దీంతోనే కూర్చున్నాను. నా ఫోన్‌లో క్యాప్షన్ చక్కగా వరుసలు తీరి ఉంది. మా అత్తయ్య ఫోన్‌లో చూస్తే ఒక నిండు వరుస, దాని కింద ఒకే మాట, మళ్లీ నిండు వరుస, మళ్లీ ఒకే మాట. ధరలైతే చెల్లాచెదురు. మూడుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను, అదే తీరు. ఎమోజీలు ఎక్కువయ్యాయా? మొదలు ఇలా ఉంది:

🌸🌸🌸మంగళగిరి చేనేత చీరలు🌸🌸🌸
నిజాం అంచుతో స్వచ్ఛమైన నూలు చీర, అయిదున్నర
మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు
ధర          రూ. 1,850
కొరియర్     రూ. 90

తెలుగు మాస్టారు:
అమ్మా, అసలు ఆ బొమ్మలెందుకు? తాటాకుల మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా లేకుండా రాశారు, చదివారు. కామా, చుక్క సరిగ్గా పెడితే చాలు.

డీటీపీ పని:
ఎంటర్ ఎక్కడ కొట్టారు?

చీరల పేజీ:
స్క్రీన్ అంచుకు రాగానే కొట్టాను. లేకపోతే వరుస ఎక్కడపడితే అక్కడ తిరుగుతుంది కదా. ఇది చెప్పాల్సిన సంగతి అనుకోలేదు.

రీల్స్ చేసేవాడు:
అక్కా, ఖాళీ వరుసలో చుక్క పెట్టు. నేనెప్పుడూ అంతే.

డీటీపీ పని:
చుక్క సంగతి వేరు. ఖాళీ వరుస నిలవని చోట దానితో పని. ముందు చుక్క లేకుండా పెట్టి చూడండి, నిలిస్తే అక్కర్లేదు.

మీ ఇబ్బంది ఎంటర్‌తో. మీ అత్తయ్య ఫోన్ చిన్నదై ఉండాలి, లేదా అక్షరాల సైజు పెంచుకుని ఉండాలి. అక్కడ "అయిదున్నర" పట్టక కింది వరుసకు జారింది. దాని వెంటనే మీరు కొట్టిన ఎంటర్ ఉంది కాబట్టి ఆ మాట ఒంటరిగా మిగిలిపోయింది. ఎంటర్ లేకపోతే "మీటర్లు" వచ్చి దాని పక్కన చేరేది. వరుస తిప్పే పని ఫోన్‌కే వదిలేయండి. విషయం మారినప్పుడే ఎంటర్, అదీ రెండుసార్లు. మన లిపిలో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, అందుకే మధ్యలో ఖాళీ వరుస లేకపోతే కళ్లకు ముద్దలా కనిపిస్తుంది.

ధరలను స్పేస్‌లతో జరిపి నిలువుగా నిలబెట్టడం కుదరదు. "ఘ"కీ "ర"కీ వెడల్పు ఒకటి కాదు, ఫాంట్ మారితే ఆ లెక్కా మారుతుంది. రూ. తర్వాత ఖాళీ ఉంటే అంకె కింది వరుసకు పోవచ్చు. ₹1,850 అని కలిపి రాయండి.

మీది నేనైతే ఇలా రాస్తాను:

మంగళగిరి నూలు చీర, నిజాం అంచు, ₹1,850 🌸

చీర అయిదున్నర మీటర్లు. జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, చీరతోపాటే వస్తుంది.

🚚 కొరియర్ ₹90

క్యాప్షన్‌లో ముందు కనిపించేది ఒకటి రెండు వరుసలే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే ధర పైకి తెచ్చాను. పెట్టేముందు మీ ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు బాగా పెంచి ఒకసారి చూసుకోండి. అత్తయ్య ఫోన్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

తెలుగు మాస్టారు:
వరుస కాదండీ, పంక్తి. మీరు ఖాళీతో విడదీస్తున్నది పేరా. రెండూ కలిపేస్తే అడిగినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

డీటీపీ పని:
మా ప్రెస్సులో అందరూ లైనే అంటారు మాస్టారూ.

విశాఖ నుంచి:
ఎమోజీల గురించి నాదొక మనవి. మా తమ్ముడికి చూపు లేదు, ఫోన్ చదివి వినిపిస్తుంది. వరుసగా మూడు పూలుంటే పువ్వు పేరు మూడుసార్లు విని, తర్వాతే చీర సంగతి వింటాడు. మాట తర్వాత ఒక్కటి పెడితే వాడికి ఇబ్బంది లేదు. దయచేసి మాట మధ్యలో మాత్రం పెట్టకండి.

రీల్స్ చేసేవాడు:
ఇన్‌స్టాలో 2,200 అక్షరాలు పడతాయి కదా, నాకు మాత్రం సగంలోనే నిండిపోతోంది. ఎందుకు?

డీటీపీ పని:
"లక్ష్మి" కంటికి రెండక్షరాలు, యంత్రం లెక్కలో ఏడు. హల్లు, పొల్లు, గుణింతం గుర్తు, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి.

తెలుగు మాస్టారు:
పొల్లు వేరు, ఒత్తు వేరు. లక్ష్మిలో పొల్లెక్కడిది?

డీటీపీ పని:
కంటికి ఒత్తే. లోపల దాచేది మాత్రం పొల్లు గుర్తు, దాని తర్వాత హల్లు.

చీరల పేజీ:
ఎంటర్లన్నీ తీసేశాను, అత్తయ్య ఫోన్‌లో సరిగ్గా వచ్చింది. థాంక్సండీ. ఇంకొకటి, "హ్యాండ్‌లూమ్" అని కొడితే డకు ల ఒత్తు పడుతోంది. మధ్యలో స్పేస్ పెడితే రెండు వరుసలుగా విడిపోతోంది.

డీటీపీ పని:
కనబడని విడదీత గుర్తు ఒకటుంది, U+200C. డ్ తర్వాత అది పెడితే ఒత్తు పడదు, మాట కూడా విడిపోదు. మీ కీబోర్డు ఏది?

తెలుగు మాస్టారు:
చేనేత అని రాస్తే సరిపోదా అమ్మా?

చీరల పేజీ:
ఫోన్‌తో వచ్చిన కీబోర్డే. ఆ గుర్తు అందులో ఎక్కడుందో కనబడలేదు.