ఎనిమిది పరీక్షల్లో ఒకటి 29 వచ్చింది: డిజైన్‌కి 29 తీసుకోవాలా, 40 తీసుకోవాలా?

కొత్త ఇంజనీర్: మెత్తటి బంకమన్ను మీద 6 మీటర్ల ఎత్తు మట్టి కట్ట వేయాలి. మూడు బోర్‌హోల్స్‌లో తీసిన శాంపిళ్ల మీద యూయూ ట్రయాక్సియల్ చేశాం. షియర్ బలం, కిలోపాస్కల్స్‌లో: 2 మీటర్ల లోతులో 38, 3లో 41, 4లో 29, 5లో 45, 6లో 47, 7లో 48, 8లో 52, 9లో 60. సగటు 45. మా సీనియర్ సార్ 29 వాడమంటున్నారు. నాకు 40 చాలనిపిస్తోంది. యూరోకోడ్ 7 ప్రకారం చేస్తున్నాం. ఎవరిది కరెక్ట్?

కాంక్రీట్ చెయ్యి: మీ సార్‌దే కరెక్ట్. క్యూబ్ టెస్టులకి మేం చేసేదే ఇక్కడా చేయండి. స్టాండర్డ్ డీవియేషన్ 9.3 వస్తుంది, 45లోంచి 1.65 రెట్లు తీసేస్తే 29.7. ఆయన లెక్క వేయకుండానే సరైన అంకె దగ్గరికి వచ్చారు.

నేలగుణం: ఆ రెండు అంకెలు కలవడం యాదృచ్ఛికం అండీ. కాంక్రీట్‌లో ఒక బ్యాచ్ పాడైతే ఒక స్తంభం కూలుతుంది, అందుకే ఏ ఒక్క క్యూబ్ ఎంత తక్కువ రావచ్చో చూస్తారు. కట్ట జారితే మట్టి పదుల మీటర్ల పొడవున ఒకేసారి తెగాలి. ఆ దారిలో మెత్తటి చోట్లూ గట్టి చోట్లూ కలుస్తాయి కాబట్టి జారుడుని ఆపేది సగటు బలం. యూరోకోడ్ 7 అడిగేదీ ఇలాంటి చోట సగటుకే జాగ్రత్తతో వేసిన అంచనా. ఎనిమిది పరీక్షలకి, 95 శాతం నమ్మకంతో అయితే, 45లోంచి 9.3కి 0.67 రెట్లు తీసేయాలి. 38.8 వస్తుంది. చిన్న ఫుటింగ్ అయితే కథ వేరు. దాని కింద మట్టి ఒక్కచోటే మెత్తగా ఉన్నా మునుగుతుంది, అక్కడ మీ పద్ధతే దగ్గర. పైగా పరీక్షలు ఎనిమిదే కాబట్టి 1.65 బదులు 2 పెట్టాలి, 26 దాకా దిగుతుంది.

పాత లెక్క: ఇంత తర్జనభర్జన ఎందుకు? కోడ్ ఎలాగూ 1.4తో భాగించమంటోంది, జాగ్రత్తంతా అందులోనే ఉంది. నేరుగా 45 పెట్టండి. జాగ్రత్త మీద జాగ్రత్త వేస్తే కట్ట కట్టే పనే ఉండదు.

నేలగుణం: రెండుసార్లు జాగ్రత్త వేయొద్దన్న మాట వరకు ఒప్పుకుంటాను. కానీ ఆ 1.4 పెట్టినవాళ్లు, దాని పైన వచ్చే అంకె అప్పటికే జాగ్రత్తగా ఎంచుకున్నదని అనుకుని పెట్టారు. సగటే ఇస్తే ఆ జాగ్రత్త ఇంకెక్కడా రాదు. ఇటువైపు 29ని 1.4తో భాగిస్తే 20.7. చేతిలెక్కగా 5.14తో గుణిస్తే నేల మోయగలిగేది 106. కట్ట బరువు 6 మీటర్లకి 114 దాకా ఉంటుంది, అంటే నిలబడదు, నేలని బలపరచాల్సిందే. 38.8తో అదే లెక్క 142 వస్తుంది, నిలుస్తుంది. మొత్తం ప్రాజెక్ట్ ఖర్చు ఆ ఒక్క శాంపిల్ మీద ఆధారపడి ఉంది. అందుకే ముందు ఆ శాంపిల్ సంగతి చూడాలి.

తమ్ముడూ, అంకెలని లోతు ప్రకారం గీసి చూశారా? 29ని పక్కన పెడితే మిగతా ఏడూ దాదాపు ఒకే గీత మీద, మీటరుకి 2.7 చొప్పున పెరుగుతున్నాయి. ఆ గీత చుట్టూ చెదురు 2.3 మాత్రమే. అంటే మీరు చూసిన 9.3లో ఎక్కువ భాగం లోతు తేడా, మిగిలింది ఆ ఒక్క శాంపిల్. దాని స్ట్రెస్ స్ట్రెయిన్ కర్వ్, తేమ శాతం, ట్యూబ్‌లో ఏ చివరి నుంచి కోశారో చెప్పండి.

కొత్త ఇంజనీర్: ఇప్పుడే ఫైల్ తీసి చూశాను సార్. మిగతావన్నీ 4 నుంచి 6 శాతం స్ట్రెయిన్ దగ్గర పీక్ చూపించాయి. ఇది 15 శాతం దాకా పీక్ లేకుండా పీపాలా ఉబ్బుతూ పోయింది. తేమ 42 శాతం. 3 మీటర్లలో 41, 5 మీటర్లలో 40. ట్యూబ్ పైచివర నుంచి కోశారు.

నేలగుణం: అయితే శాంపిల్ చెదిరిపోయిందనే నా అనుమానం. నిజంగా మెత్తటి పొర అయితే తేమ పక్కవాటికన్నా బాగా ఎక్కువ ఉండాలి. బోరు అడుగున పేరుకున్న కదిలిన మట్టి ట్యూబ్ పైచివరకే వస్తుంది, పీక్ లేకపోవడానికీ అదే కారణం అయి ఉండొచ్చు.

బోర్‌లాగ్: ఈ తర్కం నాకు మింగుడుపడదు. తక్కువ వచ్చిందాన్నే వెతికి వెతికి తప్పు పడతాం, 60 వచ్చిందాన్ని ఎవరూ అనుమానించరు. నేను చూసిన ఒక కట్ట జారినప్పుడు తవ్వి చూస్తే, తెగిన చోటు బెత్తెడు మందం కూడా లేని మెత్తటి పొర. అది బోర్‌హోల్ లాగ్‌లో ఒకే ఒక్క శాంపిల్‌గా కనిపించింది, దాన్ని "చెదిరింది" అని పక్కన పెట్టారు. అలాంటి పొర పరుచుకుని ఉంటే జారుడు దాన్నే వెతుక్కుంటూ పోతుంది. అప్పుడు ఈ సగటు గొడవకి అర్థమే లేదు, ఆ పొర బలమే మొత్తం కట్ట బలం. ఇక్కడ 4 మీటర్ల దగ్గర ఉన్నది ఒక్క శాంపిలే కదా?

పైల్ పని: మా దగ్గర దీనికి తిరగేసి జరిగింది. చుట్టూ మట్టి కుంగి పైల్‌ని కిందికి లాగే చోట, జాగ్రత్త అనుకుని తక్కువ బలం పెట్టారు. అక్కడ గట్టి మట్టే ఎక్కువ లాగుతుంది. లెక్కలో తక్కువ చూపించిన భారం నిజానికి చాలా ఎక్కువైంది. అందుకే తక్కువ అంకె అంటే ఎప్పుడూ సేఫ్ అనుకోకండి.

నేలగుణం: పైల్ పని గారూ, నిజమే, కానీ ఇక్కడ తక్కువ బలమే ప్రమాదం. బోర్‌లాగ్ గారి ప్రశ్న మాత్రం గట్టిది. 60ని కూడా తీసేసి చూశాను. 9 మీటర్ల దగ్గర గీత 56 నుంచి 53కి దిగుతుంది, జారుడు ఎక్కువగా జరిగే 2 నుంచి 6 మీటర్ల మధ్య పెద్దగా మారదు. అయినా ఏడు పరీక్షలు అంత చక్కగా గీత మీద పడటాన్ని నేను నమ్మను. చెదురు 2.3 అన్నది ఈసారికి కుదిరిన అదృష్టం. నేనైతే చెదురు కనీసం సగటులో 10 శాతం అనుకుని, గీతని 3 కిందికి జరిపి, 2 మీటర్ల లోతులో 34, 6లో 45 పెడతాను. ఒకే అంకె కన్నా ఈ గీత మేలు. 40 అని అంతటా పెడితే పైమట్టిని నిజం కన్నా గట్టిదిగా చూపించినట్టవుతుంది.

కానీ 29ని కాగితం మీద తీసేయలేం. మూడు చోట్ల 3 నుంచి 5 మీటర్ల దాకా ఫీల్డ్ వేన్ చేయించండి. వేన్ అంకెలని వేన్ అంకెలతోనే పోల్చండి, ట్రయాక్సియల్‌తో కలిపి సగటు తీయొద్దు. 4 మీటర్ల దగ్గర మూడు చోట్లా బలం పడిపోయి కనిపిస్తే అది పొర, దాన్ని విడిగా మోడల్ చేయాలి.

కొత్త ఇంజనీర్: సార్‌కి కర్వ్ చూపించాను. వేన్‌కి ఒప్పుకున్నారు, అది వచ్చేదాకా డ్రాయింగ్‌లో 29 ఉండాలన్నారు. మరి మూడింట్లో ఒక్కచోటే తక్కువ వస్తే?

బోర్‌లాగ్: అప్పుడు ఆ ఒక్కచోటి చుట్టూ ఇంకో మూడు చేయండి. అది కట్ట వాలు కిందికి వచ్చే వైపు ఉంటే నేను 29ని వదలను.

నేలగుణం: నేను వదులుతాను, కానీ ఆ మెత్తటి చోటు 5 మీటర్లకి మించి పరుచుకోలేదని తేలితేనే.