ఖాతాల 12 వేలు ఉన్నయ్, అయినా మినిమం బ్యాలెన్స్ ఛార్జీ కొట్టిండ్రు. ఎట్ల?

శ్రీను, నర్సంపేట
పొద్దటి సంది కస్టమర్ కేర్‌కు ఫోన్ కొట్టి కొట్టి యాష్టకొచ్చింది. ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటరు, మనిషి మాత్రం దొరకడు. నాది ప్రైవేటు బ్యాంకుల సేవింగ్స్ ఖాతా. 10 వేలు ఉంచాలన్నరు, సెప్టెంబర్‌ల 12 వేలు ఉన్నయ్. అయినా 424 రూపాయల 80 పైసలు కట్ చేసిండ్రు. ఇది దోపిడీ కాదా? పైసలు వాపస్ ఎట్ల వస్తయో తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట కిరణ్
స్టేట్‌మెంట్ చూడకుండ ఎవ్వరూ చెప్పలేరు. ఏ తారీఖున ఎంత ఉందో రాయి.

ఓరుగల్లు వాసి
మినిమం బ్యాలెన్స్ ఛార్జీలు ఆర్‌బీఐ ఎప్పుడో తీసేసింది కదా తమ్మీ. టీవీల కూడా వచ్చింది. వాళ్లు కట్ చేయనీకే లేదు, పోయి గట్టిగ అడుగు.

విశ్రాంత మేనేజర్, హన్మకొండ
ఆర్‌బీఐ తీసెయ్యలేదండి. స్టేట్ బ్యాంకు 2020 మార్చిల తనంతట తాను తీసేసింది. 2025ల కెనరా బ్యాంకు, ఇంకొన్ని ప్రభుత్వ బ్యాంకులు అదే దారి పట్టినయ్. మీరు టీవీల చూసింది ఆ వార్త అయ్యుంటది. ఎంత ఉంచాలన్నది ఇప్పటికీ ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే పెట్టుకుంటది. ప్రైవేటు బ్యాంకులు చాలా వరకు వసూలు చేస్తనే ఉన్నయ్.

శ్రీను గారూ, మూడు సంగతులు చెప్పండి. ఖాతా ఏ బ్రాంచిల తెరిచిండ్రు? ఆ 12 వేలు ఏ తారీఖు నుంచి ఉన్నయ్? ఇది ముందు జీతం ఖాతానా?

శ్రీను, నర్సంపేట
హన్మకొండ బ్రాంచి సార్. అక్కడ షోరూంల చేసినప్పుడు జీతం దీంట్లనే పడేది. మే జీతమే ఆఖరు, తర్వాత మానేసిన. సెప్టెంబర్ 24 దాకా 2 వేలే ఉండె, 25న పది వేలు వేసిన. నెల ఆఖరుకు 12 వేలు ఉన్నయ్ కదా, ఇంకేం కావాలె?

విశ్రాంత మేనేజర్, హన్మకొండ
అసలు సంగతి ఇప్పుడు బయటపడ్డది. బ్యాంకు నెలాఖరు బ్యాలెన్స్ చూడదు. రోజూ రాత్రి లెక్క మూసేటప్పుడు ఖాతాల ఉన్న మొత్తాన్ని తీసుకొని, నెలంతా కలిపి, రోజులతోటి భాగిస్తది.

మీ సెప్టెంబర్ లెక్క చూడండి. 24 రోజులు 2,000 చొప్పున 48,000. చివరి 6 రోజులు 12,000 చొప్పున 72,000. మొత్తం 1,20,000. దాన్ని 30తోటి భాగిస్తే సగటు 4,000. కావాల్సింది 10,000, తగ్గింది 6,000.

కట్ అయిన 424.80ల 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటది. అది తీసేస్తే 360. ఆరు వేల మీద 360 అంటే 6 శాతం. అంటే బ్యాంకు తప్పు లెక్క వేయలేదు. మీ బ్యాంకు ఛార్జీల పట్టికల ఈ 6 శాతం ఉందో లేదో ఒకసారి సరిచూసుకోండి.

జీతం ఖాతాకు బ్యాలెన్స్ నిబంధన ఉండదు. కానీ వరుసగా మూడు నెలలు జీతం పడకపోతే చాలా బ్యాంకులు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగ మార్చేస్తయ్. మీకు జూన్, జులై, ఆగస్టు పడలేదు, సెప్టెంబర్ నుంచి షరతు మొదలైంది.

కాజీపేట కిరణ్
అందుకే దాన్ని మినిమం బ్యాలెన్స్ అనొద్దు. అది సగటు బ్యాలెన్స్. ఆ పేరుతోటే అందరు మోసపోతున్నరు.

ఓరుగల్లు వాసి
పేరు ఏదైతేంది, పైసలు పోయినయ్ కదా. ఈ గోసంత ఎందుకు, పోస్టాఫీసుల 500 ఉంచితే చాలు. ప్రైవేటు బ్యాంకుల జోలికే పోవద్దని నేను ఎప్పటినుంచో చెప్తున్న.

కాజీపేట కిరణ్
పోస్టాఫీసుల కూడా ఆర్థిక సంవత్సరం ఆఖరుకు 500 లేకపోతే 50 రూపాయలు కోస్తరు. అది కూడా చెప్పు.

జమ్మికుంట రైతు
నాది కూడా ఇదే బాధ. యాసంగి వడ్ల పైసలు పడంగనే 18 వేలు ఆపిండ్రు, తీయనిస్తలేరు. ఇది కూడా మినిమం బ్యాలెన్సేనా సార్?

విశ్రాంత మేనేజర్, హన్మకొండ
18 వేలు మినిమం బ్యాలెన్స్ ఛార్జీ కానే కాదన్నా. పంట రుణం బాకీ ఏమన్న ఉందా? ఎందుకు ఆపిండ్రో బ్రాంచిల కాగితం మీద రాసియ్యమని అడుగు.

శ్రీను, నర్సంపేట
లెక్క సమజైంది సార్. 1న ఆ పది వేలు తీసేసిన, ఇప్పుడు 1,500 ఉన్నయ్. ఇయ్యాల 11వ తారీఖు. ఈ నెల ఎట్ల తప్పించుకోవాలె?

విశ్రాంత మేనేజర్, హన్మకొండ
అక్టోబర్‌కు 31 రోజులు, కాబట్టి రోజువారీ మొత్తాలు కలిపి 3,10,000 కావాలె. పది రోజులల్ల 1,500 చొప్పున 15,000 వచ్చినయ్. మిగిలిన 2,95,000 ఇవాళ్టితో కలిపి 21 రోజులల్ల రావాలంటే రోజూ రాత్రికి సుమారు 14,050 ఉండాలె. ఆలస్యమైన కొద్దీ ఆ అంకె పెరుగుతది.

ఏమీ వేయకపోతే తగ్గేది 8,500. 6 శాతం చొప్పున 510, జీఎస్టీతోటి 601.80. పట్టికల పై పరిమితి ఉంటే ఇంకా తక్కువ. దీనికోసం మిత్తికి మాత్రం పైసలు తేవద్దు.

మీకు పనికొచ్చే దారి, దీన్ని బేసిక్ సేవింగ్స్ ఖాతాగ మార్పించుకునుడు. ప్రతి బ్యాంకూ అది ఇవ్వాలని ఆర్‌బీఐ 2012లనే చెప్పింది. దానికి బ్యాలెన్స్ షరతు లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు నాలుగుసార్లు తీసుకోవచ్చు. యూపీఐ చెల్లింపులు ఆ నాలుగింట్ల లెక్కేస్తరా లేదా అన్నది ముందే అడగండి, మీ బ్యాంకు పద్ధతి అక్కడే తెలుస్తది. ఒక షరతు ఉంది: అదే బ్యాంకుల మీకు ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండొద్దు.

కౌంటర్ల "అట్లాంటిది మా దగ్గర లేదు" అంటరు. అప్పుడు నోటిమాటగ అడగకుండ దరఖాస్తు రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి.

కాజీపేట కిరణ్
ఎస్సెమ్మెస్ సంగతి అడగలేదు మీరు.

విశ్రాంత మేనేజర్, హన్మకొండ
అవును, అది ముఖ్యం. 2015 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధన ప్రకారం, బ్యాలెన్స్ తగ్గిందని ముందు ఖాతాదారుకు తెలపాలె. తెలిపిన నాటి నుంచి ఒక నెల లోపల సరిచేయకపోతేనే ఛార్జీ. ఛార్జీల కారణంగ ఖాతా మైనస్‌లకు కూడా పోవద్దు.

సెప్టెంబర్ మొదట్ల మీకు సందేశం, మెయిల్, ఉత్తరం ఏదన్న వచ్చిందా? రాకుంటే ఆ ఒక్క మాట మీదనే వాపస్ అడగొచ్చు. ముందు బ్యాంకుకే ఫిర్యాదు ఇచ్చి నంబర్ తీసుకోండి. 30 రోజులల్ల జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా cms.rbi.org.in ల అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు. కానీ బ్యాంకుల మీ పాత ఫోన్ నంబర్ ఉంటే, పంపినం అని వాళ్లు రుజువు చూపిస్తరు.

ఓరుగల్లు వాసి
హన్మకొండ నుంచి నర్సంపేట బ్రాంచికి మార్పించుకుంటే కూడా తగ్గుతది కదా?

విశ్రాంత మేనేజర్, హన్మకొండ
తగ్గొచ్చు. చాలా బ్యాంకులల్ల చిన్న పట్నం బ్రాంచికి తక్కువ ఉంటది. మనం ఉండే ఊరు కాదు, ఖాతా ఉన్న బ్రాంచి చూస్తరు. పట్టిక చూసి అడగండి. బేసిక్‌కు మారితే మాత్రం దీంతోటి పని లేదు.

శ్రీను, నర్సంపేట
సిమ్ జులైల మార్చిన, బ్యాంకుల చెప్పలేదు. సోమవారం పోయి దరఖాస్తు ఇస్త. థాంక్స్ సార్.

జమ్మికుంట రైతు
సార్, రుణం మాఫీ అయిందన్నరు కదా, మళ్ల ఎందుకు ఆపిండ్రు?

కాజీపేట కిరణ్
మీది వేరే పోస్టు పెట్టుండ్రి అన్నా, ఇండ్ల కలిసిపోతది.