వారానికి పది గంటలు: ఏ ఆట మీద పెట్టాలి?

ఆమదాలవలస నుంచి: సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి పిల్లలు పడుకున్నాక నాకు రోజూ గంటంపావు దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలకు కాస్త తక్కువ. మొత్తం పది గంటలు. ఇన్నాళ్లూ నాలుగైదు ఆటలు అటూ ఇటూ ఆడి ఏదీ రాకుండా పోయింది. ఇక ఒక్కటే పట్టుకుని రెండు మూడేళ్లు నేర్చుకోవాలని ఉంది. చదరంగం, కంప్యూటర్‌లో జట్లుగా ఆడే తుపాకుల ఆట వాలరెంట్, నల్లతెల్ల రాళ్లతో బోర్డు మీద ఆడే గో అన్న మూడింటి మధ్య ఊగుతున్నాను. నేర్చుకున్నకొద్దీ ఇంకా మిగిలి ఉండాలి, తోడు నేర్చుకునే మనుషులూ ఉండాలి. ఎలా తేల్చుకోవాలి?

ఎచ్చెర్ల నాన్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. స్పోర్ట్స్ కోటాలో సీటు రావాలంటే ఈ మూడింట్లో ఏది మంచిదండీ?

ఆమదాలవలస నుంచి: అయ్యా, ఆడేది నేను. నాకు నలభై ఏళ్లు. ఏ కోటా అక్కర్లేదు.

కాలేజీ కుర్రాడు: చదరంగం వదిలేయండి అక్కా. 1997లోనే కంప్యూటర్ చేతిలో ప్రపంచ విజేత కాస్పరోవ్ ఓడిపోయాడు. అక్కడ కొత్తగా తెలుసుకునేది ఏముంది? మొదటి ఎత్తులు బట్టీ పట్టినవాడిదే గెలుపు. వాలరెంట్‌లో అయితే గురి, అయిదుగురి సమన్వయం, మ్యాపు మీద పట్టు, అన్నీ కావాలి.

నాగావళి గట్టు: తమ్ముడూ, కంప్యూటర్ గెలిచిన మాట నిజం. కానీ ఆ కంప్యూటర్‌తో ఈవిడకు పని లేదు. ఆటలో ఎంత లోతుందో చూడాలంటే మనుషుల మధ్య మెట్లు లెక్కపెట్టాలి. చదరంగం రేటింగులో రెండు వందల పాయింట్ల తేడా ఉంటే, డ్రాను అర పాయింటుగా లెక్కవేసినప్పుడు పైవాడికి నాలుగు ఆటల్లో మూడు పాయింట్లు వస్తాయని అంచనా. దాన్ని ఒక మెట్టు అనుకోండి. 2014లో అప్పటి ప్రపంచ విజేత కార్ల్‌సెన్ రేటింగు 2882కి చేరింది. 1500 దగ్గరున్న క్లబ్బు ఆటగాడి నుంచి అక్కడికి దాదాపు ఏడు మెట్లు. ప్రతి మెట్టు మీదివాడూ కిందివాడిని మామూలుగా ఓడిస్తాడు, వాడూ తన పైవాడి చేతిలో అలాగే ఓడతాడు. పది గంటలవారికి ఆ ఏడూ అవసరం లేదు. తమకు పైనున్న రెండు మెట్లు ఎక్కడానికి దారి కనపడుతుందా అన్నదే చూసుకోవాలి.

దాన్ని కనిపెట్టే పద్ధతి ఒకటి ఉంది. ఒక ఆట ఓడిపోయాక, ఎక్కడ ఓడారో ఒక్క వాక్యంలో చెప్పగలరా? మూడు ఆటల్లోనూ తలో పది పోటీలు ఆడి, ప్రతి ఓటమికీ ఆ వాక్యం రాసి చూడండి. అయిదుగురి జట్టులో మీ తప్పుతో ఓడారో, పక్కవాడి తప్పుతో ఓడారో విడదీయడం కష్టం. అసాధ్యమని అనను, కానీ దానికి ఆట రికార్డింగు మళ్లీ చూడాలి. మీ గంటంపావులో ఎదురుచూపూ పోటీ కలిసి చాలాభాగం తినేస్తే, చూడడానికి ఏం మిగులుతుంది?

కాలేజీ కుర్రాడు: పోటీయే ఆడాలని ఎవరన్నారు? గురి సాధనకు వేరే గది ఉంది, డెత్‌మ్యాచ్ ఉంది. పది నిమిషాలు చాలు.

నాగావళి గట్టు: అది ఒప్పుకుంటాను. గురి వరకూ అక్కడ సాధన బాగానే సాగుతుంది. ఎప్పుడు తలుపు దాటాలి, ఎప్పుడు ఆగాలి అన్నది మాత్రం పోటీలోనే వస్తుంది. ఇంకొకటి, కంపెనీ చేతిలో ఉన్న ఆటకు ఆ కంపెనీయే ఊపిరి. ఫోన్‌లో ఆడే బీజీఎంఐని 2022 జూలైలో మన దేశంలో నిలిపివేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఆ పది నెలలు ఆడేవాళ్లంతా ఏం చేశారో నీకే బాగా తెలుసు.

ఆమదాలవలస నుంచి: వాలరెంట్ దగ్గర నాకు ఇంకో చిక్కు. మా లాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది కానీ, ఆట తెరిస్తే సెక్యూర్ బూట్ ఆన్ చేయమంటుంది. చేస్తే లాప్‌టాప్ ఏమవుతుందోనని భయం, అందులో ఆఫీసు ఫైళ్లున్నాయి. అది పక్కన పెట్టి మాస్టారు చెప్పినట్టు చదరంగంలో ఒక ఓటమి పెడుతున్నాను. నల్లవి నావి. ఏడు ఎత్తుల్లో అయిపోయింది. ఖర్మ కాక మరేమిటి?

```
1. e4 e5  2. Nf3 d6  3. Bc4 Bg4  4. Nc3 g6
5. Nxe5 Bxd1  6. Bxf7+ Ke7  7. Nd5#
```

నాగావళి గట్టు: ఖర్మ కాదమ్మా, ఇది పాత ఉచ్చు. మీ శకటు గుర్రాన్ని కట్టిపడేసిందని, అది కదిలితే మంత్రి పోతుంది కనుక కదలదని అనుకున్నారు. అయిదో ఎత్తులో అది కదిలింది. మంత్రి ఉచితంగా దొరికిందని తీసుకున్నారు. అక్కడ d6 బంటుతో ఆ గుర్రాన్ని చంపి ఉంటే, ఆయన మంత్రితో మీ శకటును తీసుకునేవాడు. లెక్కలో మీకు ఒక్క బంటే నష్టం, ఆట ఇంకా ఉండేది. ఈ ఓటమికి మీ వాక్యం: “మంత్రి దొరికితే చాలు, ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడలేదు.” రేపు ఇంకో ఆటలో ఇదే వాక్యం వస్తే, ఏం సాధన చేయాలో మీకు తెలిసినట్టే.

ఆమదాలవలస నుంచి: మూడుసార్లు చదివి బోర్డు మీద పెట్టుకుని చూశాను. నిజమే! నేను వాడి మంత్రినే చూశాను, నా రాజును చూడలేదు.

తెల్లరాయి: గో తరఫున ఒక్క మాట. లోతు మాటకొస్తే మా మెట్లు ఇంకా ఎక్కువ. పైగా బలహీనుడికి ముందే రెండు నుంచి తొమ్మిది రాళ్లు ఇచ్చి ఆడవచ్చు కనుక, ఎవరితో కూర్చున్నా ఆట సమంగా సాగుతుంది. నేను బొబ్బిలిలో ఉంటాను. అయిదేళ్లుగా ఆడుతున్నాను. ఈ జిల్లాల్లో ఎదురుగా కూర్చుని ఆడే మనిషి నాకు ఇంతవరకూ దొరకలేదు. అంతా ఆన్‌లైనే. ఆ లోటు మీరు భరించగలరా అన్నది మీరే చూసుకోవాలి.

నాగావళి గట్టు: ఈయన నిజాయితీకి నమస్కారం. నాకు గో అంతగా తెలియదు కనుక తీసిపారేయను. మనుషుల సంగతి మాత్రం ఎంతమంది ఉన్నారన్న లెక్కతో తేలదు. రాత్రి తొమ్మిదిన్నరకు మీ స్థాయివాడు నిమిషంలో దొరుకుతున్నాడా చూడండి. ఓడిన ఆటను మూడు చోట్లా పెట్టి, ఎవరు ఎత్తు చూపించి చెప్పారో, ఎవరు “ఇంకా ఆడండి” అని ఊరుకున్నారో గమనించండి.

చదరంగమే అయితే రాత్రిపూట లీచెస్ సైటులో పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు కలిసే ఆట ఆడండి. నలభై ఎత్తుల ఆట ఎంత లాగినా ముప్పావు గంట దాటదు. మిగిలిన అరగంటా ఆ ఆటనే తిరగేయండి. కంప్యూటర్ విశ్లేషణ వెంటనే తెరవకండి, ముందు మీ వాక్యం రాసి తరవాత తెరవండి. వారానికి అయిదు ఆటలు, నాలుగు వారాలకు ఇరవై. మొదట్లో రేటింగు పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తుంది. అది ఉన్నంత కాలం ఆ అంకెను నమ్మకండి.

విజయనగరం బంటు: ఆదివారాలు మేం నలుగురం మా ఇంట్లో బోర్డు వేసుకుంటాం. మా ఆవిడ కూడా ఆడుతుంది. రండి.

ఆమదాలవలస నుంచి: రావాలనే ఉంది. కానీ రైలు ఎక్కి రానూ పోనూ లెక్కేసుకుంటే నా ఆదివారం ఆటలో సగానికి పైగా ప్రయాణానికే పోతుంది. నెలకొకసారి వస్తాను.

కాలేజీ కుర్రాడు: నెలకొకసారికి మనుషులున్నట్టా? మా జట్టులో రోజూ అయిదుగురం మాట్లాడుకుంటూ ఆడతాం. దాని సంగతి ఎవరూ చెప్పలేదు.

నాగావళి గట్టు: అది నిజంగానే మీ ఆటకున్న బలం. నా దగ్గర జవాబు లేదు.

ఆమదాలవలస నుంచి: నాలుగు వారాలు చదరంగం ఆడి ఇరవై వాక్యాలూ ఇక్కడే పెడతాను. తెల్లరాయి గారూ, ఆదివారం ఒక గంట నాకు తొమ్మిది రాళ్లు ఇచ్చి ఆన్‌లైన్‌లో ఆడతారా?

తెల్లరాయి: నాలుగు గంటలకు. మొదట చిన్న బోర్డు మీద.