నెగటివ్ రిజల్ట్ వచ్చాక పోస్ట్ హాక్ పవర్ అడుగుతున్నారు: ఇవ్వాలా, వద్దా?

ఫైనల్ ఇయర్ పీజీ:
జనరల్ మెడిసిన్ థీసిస్ నాది. షుగర్ పేషెంట్లలో ఒక గ్రూపుకి మామూలు ఓపీ సలహా, రెండో గ్రూపుకి దాంతోపాటు వారానికోసారి ఫోన్‌లో డైట్ కౌన్సెలింగ్. గ్రూపుకి 42 మంది. మూడు నెలలకి ఫోన్ గ్రూపులో హెచ్‌బీఏ1సీ 0.2 పాయింట్లు ఎక్కువ తగ్గింది, ఎస్‌డీ 1.0, p = 0.36. పేపర్ పంపితే రివ్యూయర్ పోస్ట్ హాక్ పవర్, అంటే వచ్చిన తేడానే నిజమనుకుంటే దాన్ని ఈ స్టడీ పట్టుకునే అవకాశం ఎంతో, లెక్కేసి ఇమ్మన్నారు. వేస్తే 15 శాతం వచ్చింది. అది రాసి, "శాంపిల్ చిన్నది కాబట్టి తేడా దొరకలేదు" అంటే సరిపోతుందా?

ఫార్మా ప్రోగ్రామర్:
ఇచ్చెయ్ తమ్ముడూ, గొడవ వదిలిపోతుంది. G*Powerలో `Post hoc` అని మెనూలోనే ఉంది, SPSSలో `Observed power` అని టిక్ బాక్సే ఉంది. తప్పయితే ఎందుకు పెడతారు? పైగా పవర్ తక్కువ అంటే శాంపిల్ చాలలేదని, పవర్ ఎక్కువుండీ తేడా రాలేదంటే నిజంగానే తేడా లేదని అర్థం. రీడర్‌కి ఉపయోగమే కదా.

స్టాట్స్ టీచర్:
మెనూలో ఉన్నవన్నీ తినాలని లేదండీ. ఆ 15 ఎలా వచ్చిందో చూడండి.

```r
power.t.test(n = 42, delta = 0.2, sd = 1.0)
```

తేడా 0.2, ఎస్‌డీ 1.0, గ్రూపుకి 42. మీ p వచ్చిందీ ఈ మూడింటి నుంచే. అవే మళ్లీ వేస్తే ఇంకో రూపంలో అదే బయటికొస్తుంది. p సరిగ్గా 0.05 ఉంటే ఈ పవర్ సుమారు 50 శాతం, 0.36 ఉంటే సుమారు 15. p ఎరగని కొత్త సంగతి ఇందులో ఒక్కటీ లేదు.

దీనివల్ల వచ్చే చిక్కు ఇది: p 0.05 దాటిన ప్రతి స్టడీకీ ఈ లెక్క సగం కంటే తక్కువే చూపిస్తుంది. అంటే "పవర్ తక్కువ, అందుకే తేడా దొరకలేదు" అనే మాట ఫెయిలైన స్టడీలన్నిటికీ అతుకుతుంది. నిజంగా పని చెయ్యని మందుకి కూడా.

ప్రోగ్రామర్ గారూ, మీ రెండో మాట ఇంకా తిరగబడుతుంది. ఒక స్టడీలో p = 0.06, ఇంకోదాంట్లో p = 0.80 అనుకోండి. ఈ లెక్కలో పవర్ ఎక్కువ వచ్చేది మొదటిదానికి. మీ సూత్రం ప్రకారం "తేడా లేదు" అని గట్టిగా చెప్పాల్సింది దాని గురించే. కానీ తేడా ఉండొచ్చని కాస్తో కూస్తో సూచిస్తున్నదే అది! 2001లోనే హోనిగ్, హైసీ 'ది అమెరికన్ స్టాటిస్టీషియన్'లో ఈ వైరుధ్యాన్ని విడమరిచి చూపించారు.

వరి పరిశోధకుడు:
మా దగ్గరా ఇదే తంతు. నాలుగు రెప్లికేషన్లు వేసి, దిగుబడిలో తేడా రాకపోతే రిపోర్టులో "రెండు ఎరువులూ సమానం" అని రాసేస్తారు. నేనూ రాశాను, సిగ్గుగానే చెప్తున్నా. తర్వాత ఒక రైతు "ఎకరాకి రెండు బస్తాలు తగ్గదని గ్యారంటీయేనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీరు వద్దంటున్నదాని బదులు ఏం పెట్టాలో కూడా చెప్పండి మేడమ్.

స్టాట్స్ టీచర్:
మీ రైతు అడిగింది కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ గురించే, పేరు తెలియకుండా అడిగాడు.

పీజీ గారి లెక్క చేద్దాం. తేడాకి స్టాండర్డ్ ఎర్రర్ 0.218. 95 శాతం ఇంటర్వల్ –0.23 నుంచి 0.63 దాకా వస్తుంది. అంటే ఫోన్ కౌన్సెలింగ్ వల్ల హెచ్‌బీఏ1సీ 0.23 పెరిగినా, 0.63 తగ్గినా ఈ డేటాకి అభ్యంతరం లేదు. ఎంత తగ్గితే పేషెంటుకి లాభమని మొదట్లో అనుకున్నారు మీరు?

ఫైనల్ ఇయర్ పీజీ:
0.5 మేడమ్. సినాప్సిస్‌లోనే ఉంది. పాత పేపర్లో ఎస్‌డీ 0.8 ఉంటే అది తీసుకుని, 80 శాతం పవర్‌కి 42 లెక్క కట్టాం.

స్టాట్స్ టీచర్:
అసలు కథ ఇక్కడుంది. 0.5 మీ ఇంటర్వల్ లోపలే పడింది. కాబట్టి "కౌన్సెలింగ్ పనిచెయ్యదు" అనకూడదు, "పనిచేస్తుంది" అనీ అనకూడదు. తేలలేదు, అంతే.

ఇప్పుడు పక్కన ఇంకో స్టడీ ఊహించుకోండి. గ్రూపుకి 420 మంది, ఎస్‌డీ అదే 1.0, తేడా 0.063. దానికీ p = 0.36, పోస్ట్ హాక్ పవర్ అదే 15. కానీ ఇంటర్వల్ –0.07 నుంచి 0.20. అక్కడ 0.5 దరిదాపుల్లో కూడా లేదు, "అంత లాభం ఉండే అవకాశం చాలా తక్కువ" అని ధైర్యంగా రాయొచ్చు. ఒకటి తేలని స్టడీ, ఒకటి తేలిన స్టడీ. మీ రివ్యూయర్ అడిగిన అంకె రెండిటికీ ఒకే ముద్ర వేస్తుంది.

కొత్త సభ్యుడు:
అంటే స్టడీకి ముందు శాంపిల్ సైజ్ లెక్క కూడా అక్కర్లేదా? మా ఎథిక్స్ కమిటీ అది లేకపోతే ఫైలే ముట్టుకోదు.

స్టాట్స్ టీచర్:
అయ్యో, అది వేరే. అది ముందు చేసేది, మీరు పట్టించుకునే తేడాతో చేసేది. తప్పకుండా చెయ్యాలి. వద్దంటున్నది డేటా వచ్చాక, వచ్చిన తేడానే నిజమైన తేడా అనుకుని చేసేదాన్ని.

ఫార్మా ప్రోగ్రామర్:
సరే, 0.2తో వెయ్యడం తప్పని ఒప్పుకుంటా. కానీ 0.5తోనే వేద్దాం, ఎస్‌డీ మాత్రం నిజంగా వచ్చిన 1.0 పెడదాం. నేను వేశాను, 62 శాతం. 80 అనుకుని మొదలుపెడితే ఎస్‌డీ ఎక్కువ రావడంతో 62కి పడిపోయిందని చెప్పడం నిజాయితీయే కదా?

స్టాట్స్ టీచర్:
ఇందులో మీరు చాలావరకు రైటే. ఇది p వేసుకున్న ఇంకో వేషం కాదు, వచ్చిన 0.2 ఇందులో లేదు. ప్లాన్ ఎక్కడ తప్పిందో చెప్పడానికీ, ఆ 0.8ని నమ్ముకుని ఇంకొకరు మోసపోకుండా ఉండడానికీ పనికొస్తుంది. అయితే రిజల్టుని అర్థం చేసుకోడానికి ఇంటర్వల్ చాలు అంటాను నేను. 62 అని రాయగానే చదివేవాళ్లు మళ్లీ "ఓహో, పవర్ తక్కువ" దగ్గరికే వెళ్లిపోతారు.

ఫార్మా ప్రోగ్రామర్:
మీరు చదివేవాళ్లని మరీ తక్కువ అంచనా వేస్తున్నారు. నేనైతే లిమిటేషన్స్‌లో పెడతా.

వరి పరిశోధకుడు:
"రెండూ సమానమే" అని రాయాలంటే మరి?

స్టాట్స్ టీచర్:
దానికి ఈక్వివలెన్స్ టెస్ట్ ఉంది. ఎంత తేడా వరకు పర్వాలేదో ముందే గీత గీసుకుని, 90 శాతం ఇంటర్వల్ మొత్తం ఆ గీతల లోపల ఉందా అని చూడడం. పీజీ గారిది –0.16 నుంచి 0.56. గీత 0.5 దగ్గర గీస్తే అంచు బయటికి పోతోంది, కాబట్టి సమానమనీ అనలేం. డేటా చూశాక గీతని 0.6కి జరిపితే మాత్రం అది ఆటలో గోల్‌పోస్ట్ జరపడమే. మీకైతే ఆ రైతు చెప్పిన రెండు బస్తాలే గీత, విత్తనం వేసే ముందే రాసిపెట్టుకోండి.

ఫైనల్ ఇయర్ పీజీ:
రివ్యూయర్‌కి ఇలా రాశాను, చూడండి: "వచ్చిన తేడాతో లెక్కించిన పవర్ p విలువకు మించి సమాచారం ఇవ్వదు కాబట్టి చేర్చలేదు. దాని బదులు తేడా 0.2, 95 శాతం ఇంటర్వల్ –0.23 నుంచి 0.63 ఇస్తున్నాం. ముందుగా నిర్ణయించుకున్న 0.5 ఈ పరిధిలోనే ఉన్నందున ఫలితం నిర్ణయాత్మకం కాదు. శాంపిల్ లెక్కలో ఎస్‌డీ 0.8 అనుకున్నాం, వచ్చింది 1.0." అబ్‌స్ట్రాక్ట్‌లో "తేడా లేదు" అన్న ముక్క కూడా తీసేశాను.

స్టాట్స్ టీచర్:
బాగుంది. ఆ 1.0 రెండు గ్రూపులదీ కలిపి తీసిందే కదా? మార్పుకి ఎస్‌డీయా, చివరి విలువకా? అదొక్కటి స్పష్టంగా రాయండి, తర్వాత శాంపిల్ లెక్క కట్టేవాళ్లకి అదే కావాలి.

ఫైనల్ ఇయర్ పీజీ:
మార్పుకే మేడమ్, రెండు గ్రూపులదీ కలిపి. కానీ గైడ్ సార్ ఆ 62 కూడా పెట్టమంటున్నారు.

ఫార్మా ప్రోగ్రామర్:
చెప్పానా!