ఓటరు నమోదు పోస్టర్‌కి ఏ పార్టీ వాసనా రాని లైన్లు కావాలి, హెల్ప్ చేయండి

మా డిగ్రీ కాలేజీలో కొత్త ఓటర్ల నమోదు డ్రైవ్ పెడుతున్నాం, పోస్టర్ లైన్ల దగ్గర ఆగిపోయాం అండి. "చెయ్యి కలుపు" అంటే కాంగ్రెస్, "స్పీడ్ పెంచు" అని సైకిల్ బొమ్మ వేస్తే టీడీపీ, ఫ్యాన్, కారు, గ్లాసు, కమలం అన్నీ గుర్తులే, రంగులు కూడా అంతే, అందుకే తెలుపు మీద నలుపు అనుకున్నాం. "మార్పు కోసం ఓటు" కూడా వద్దన్నాను, అది అధికారంలో ఉన్నవాళ్లని దించమన్నట్టు వినిపిస్తుంది.

అసలు చెప్పాల్సింది ఏంటంటే 17 నిండితేనే ఫారం 6 ముందుగా ఇవ్వొచ్చు, అర్హత తేదీలు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. అంటే సెప్టెంబర్ 12న 18 నిండే అమ్మాయి జనవరి దాకా ఆగక్కర్లేదు, అక్టోబర్ 1 లెక్కలోకి వచ్చేస్తుంది. చాలామందికి ఈ సంగతే తెలీదు.

నేను రాసినవి: "17 నిండాయా? ఫారం 6 ఇప్పుడే నింపేయ్", "ఎవరికి వేస్తావో నీ ఇష్టం, లిస్టులో పేరుందా చూస్కో". రెండోది బానే ఉందా, లేక "ఎవరికి" అనే మాటే తీసేయాలా? హాస్టల్ వాళ్లు ఊళ్లోనో ఇక్కడో ఒక్కచోటే నమోదవ్వాలి అని చిన్నగా చెప్పే లైన్ కూడా ఎవరైనా ఇవ్వండి ప్లీజ్.